ఒక కన్ను ఊరుకున్నా పెన్సిల్ ఒకటిగానే కనిపిస్తుంది: కర్నూలులో ఒక కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ కేస్

పదహారేళ్ళ అమ్మాయి. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కర్నూలులోనే హాస్టల్లో ఉండి చదువుతోంది. నాన్న కోడుమూరు వైపు ఉల్లి సాగు చేసే రైతు. ఏడాదికి పైగా ఒకటే బాధ: పుస్తకం పట్టుకున్న పావుగంటకు కనుబొమల మధ్య నుంచి నొప్పి మొదలై నుదురంతా పాకుతుంది, అక్షరాలు మసకబారతాయి, కాసేపటికి ఒక లైను మీదికి ఇంకో లైను వచ్చి పడినట్టు ఉంటుంది. సెలవుల్లో ఇంటికి వెళ్తే నొప్పి ఉండదు. టీవీ ఎంతసేపు చూసినా ఏమీ కాదు. దాంతో ఇంట్లో వాళ్ళకు అనుమానం వచ్చింది. "చదవమంటేనే తలనొప్పంటాది సార్, ఫోన్ల సినిమా చూస్తే రాదంట" అని నాన్న నా ముందే అన్నాడు. అమ్మాయి తల దించుకుంది.

ఆయన చెప్పిన ఆ మాటే నాకు మొదటి ఆధారం. దగ్గరి పనితో వచ్చి, దూరం చూస్తే పోయే నొప్పి అంటే రెండు కళ్ళూ కలిసి పనిచేసే తీరు చూడాలి. సినిమా అయితే బొమ్మ కాస్త మసకబారినా, ఒక క్షణం జారినా కథ అర్థమవుతుంది. ఫిజిక్స్ పుస్తకంలో చిన్న అక్షరాల లైను అలా జారితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి. కాబట్టి ఆమె నటించడం లేదని ఆ రోజే నాన్నకు చెప్పాను.

అంతకు ముందు ఆమెకు రెండు వైద్యాలు జరిగాయి. ఒక కళ్ళజోళ్ళ షాపులో కంప్యూటర్ పరీక్ష చేసి రెండు కళ్ళకూ మైనస్ 0.50 అద్దాలు ఇచ్చారు. పెట్టుకున్న కొన్ని రోజులు బాగున్నట్టే అనిపించి, తర్వాత మళ్ళీ మామూలే. ఇంకొక చోట "కండరాల బలహీనత, పెన్సిల్ ఎక్సర్‌సైజు చెయ్యి" అని చెప్పి పంపారు. రెండు నెలలు రోజూ చేసింది. పెన్సిల్ ముక్కు దాకా తెచ్చినా ఒకటిగానే కనిపించేదట. తలనొప్పి మాత్రం అలాగే ఉంది. ఆమె జబ్బు పేరు కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ, అంటే దగ్గర చూసేటప్పుడు రెండు కళ్ళనూ లోపలికి తిప్పే శక్తి చాలకపోవడం. ఈ రెండు వైద్యాలు ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగితే ఈ జబ్బు సగం అర్థమైనట్టే.

అద్దాలు లేకుండానే ఆమె చూపు రెండు కళ్ళకూ 6/6. దగ్గర చిన్న అక్షరాలు కూడా చదివింది. చూపు బోర్డు మీద చివరి లైను చదవగలగడానికీ, ఒక గంట పుస్తకం చదవగలగడానికీ సంబంధం తక్కువ. బోర్డు పరీక్షలో ఒక్కో కన్ను విడిగా, దూరం నుంచి, కొన్ని సెకన్లు పనిచేస్తే చాలు. మా కంటి డాక్టరు చుక్కల మందు వేసి చూసినప్పుడు కంటి వెనక నరం మామూలుగా ఉంది, వాపు లేదు. కనుపాపలు సమానంగా ఉన్నాయి, రెప్ప వాలలేదు, కళ్ళు అన్ని వైపులకూ పూర్తిగా తిరుగుతున్నాయి. చుక్కల మందు ప్రభావంలో పవర్ ప్లస్ 0.50. అంటే ఆమెకు మైనస్ అసలు లేనే లేదు.

ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కళ్ళు ఒకేసారి రెండు పనులు చేస్తాయి. రెండు కళ్ళూ లోపలికి, ముక్కు వైపు తిరగాలి. కంటి లోపలి లెన్సు ఉబ్బి ఫోకస్ పట్టాలి. ఈ రెండు పనులకూ లంకె ఉంది. ఫోకస్ పెంచితే కళ్ళు కొంత వాటంతటవే లోపలికి వస్తాయి. లోపలికి తిప్పే శక్తి సొంతంగా చాలని మనిషి ఈ లంకెను వాడుకుంటాడు. కావలసిన దానికన్నా ఎక్కువ ఫోకస్ పెట్టి కళ్ళను లోపలికి లాక్కుంటాడు. అప్పుడు అక్షరం ఒకటిగా కనిపిస్తుంది, కానీ ఫోకస్ పేజీ కన్నా ముందే పడింది కాబట్టి మసకగా ఉంటుంది. మసక పోగొట్టుకుందామని ఫోకస్ వదిలితే కళ్ళు బయటికి జారి అక్షరాలు రెండవుతాయి. చదివినంతసేపూ ఈ రెండింటి మధ్య లాగులాట. ఆమె "ముందు మసకవుతుంది, తర్వాత లైన్లు కలిసిపోతాయి" అని చెప్పిన వరస సరిగ్గా ఇదే. ఇలా ఫోకస్ బిగబట్టుకుని ఉన్న కంటిని మిషన్ ముందు పెడితే మైనస్ చూపించడం వింత కాదు. మైనస్ అద్దం పెడితే కన్ను ఇంకా ఎక్కువ ఫోకస్ పెట్టాల్సి వస్తుంది, ఆ లంకెతో కళ్ళు ఇంకాస్త లోపలికి వస్తాయి. మొదటి కొన్ని రోజులు బాగుందనిపించింది అందుకే.

ఇక అసలు పరీక్షలు. కళ్ళు బయటికి జారే గుణాన్ని ప్రిజమ్ డయాప్టర్ అనే ప్రమాణంతో కొలుస్తాం. దూరం చూసేటప్పుడు ఆమెకు అది ఒకటి మాత్రమే. 40 సెంటీమీటర్ల దగ్గర అది 10కి పెరిగింది. దూరం కన్నా దగ్గర జారుడు కనీసం 4 ఎక్కువుండటం ఈ జబ్బు గుర్తుల్లో మొదటిది. రెండోది, కళ్ళు ఎంత దగ్గరి వరకు కలిసి ఉండగలవన్నది. స్కేలు మీద అక్షరాన్ని ముక్కు వైపు జరుపుతూ పోతే ఆమె కళ్ళు 14 సెంటీమీటర్ల దగ్గర విడిపోయాయి. 6 సెంటీమీటర్లు, అంతకు మించితే అనుమానించాలి. ఇక్కడ ఒక్కసారి కొలిచి ఆపకూడదు. అయిదోసారికి అది 20 అయింది. మొదటిసారి టెన్షన్ పడి గట్టిగా ప్రయత్నిస్తే చాలామంది పాసవుతారు. అలిసిపోయాక వచ్చే అంకే చదువుకునే టేబుల్ దగ్గరి నిజం.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: కళ్ళను లోపలికి తిప్పే నిల్వ శక్తి. కంటి ముందు ప్రిజమ్ పట్టీ పెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ, అక్షరం ఎక్కడ మసకబారింది, ఎక్కడ రెండైంది అని అడుగుతాం. ఆమెకు 8 దగ్గర మసక, 12 దగ్గర రెండు. షియర్డ్ అనే ఆయన పేరుతో ఒక లెక్క ఉంది. కళ్ళు ఎంత జారతాయో దానికి రెట్టింపు నిల్వ ఉంటేనే హాయిగా చదవగలరు. జారుడు 10 కాబట్టి ఆమెకు 20 కావాలి. ఉన్నది 8. రాబడికి మించిన ఖర్చుతో రోజుకు పది గంటలు చదువుతోంది.

లోపం ఫోకస్‌దా, కన్వర్జెన్స్‌దా అని తేల్చడానికి ఫ్లిప్పర్ పెట్టాం. ఒక వైపు ప్లస్ 2, ఇంకో వైపు మైనస్ 2 లెన్సులున్న చిన్న పిడి అది. తిప్పుతూ ఉంటే ప్రతిసారీ అక్షరం స్పష్టం చేసుకోవాలి. ఒక్కో కంటితో చేసినప్పుడు చకచకా చేసింది. రెండు కళ్ళతో చేసినప్పుడు మైనస్ వైపు సులువుగా, ప్లస్ వైపు ఆగిపోతూ. ప్లస్ లెన్సు ఫోకస్‌ను వదిలించేస్తుంది, దాంతో లంకె ద్వారా అరువు తెచ్చుకున్న కన్వర్జెన్స్ పోతుంది, సొంత శక్తి లేక చిక్కుకుపోతుంది. ఫోకస్ లోపమే అయితే ఒక్కో కంటితో కూడా తడబడేది. అలాంటి వాళ్ళలో కూడా కన్వర్జెన్స్ కొలత చెడ్డగానే వస్తుంది, వైద్యం మాత్రం వేరు, కొందరికి దగ్గరి చూపు ప్లస్ అద్దాలతోనే సరిపోతుంది. అందుకే ఈ పరీక్ష వదలను.

లక్షణాలకు 15 ప్రశ్నల ప్రశ్నావళి ఒకటి ఉంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 4 వరకు, మొత్తం 60. పిల్లల్లో 16, ఆ పైన వస్తే బాధ ఉన్నట్టు. పెద్దవాళ్ళకు ఆ హద్దు 21. ఆమెకు 34 వచ్చింది.

అప్పుడు ఆ పెన్సిల్ ఎక్సర్‌సైజు నా ఎదురుగా చేసి చూపించమన్నాను. పెన్సిల్ మెల్లగా ముక్కు వైపు తెచ్చింది. 15 సెంటీమీటర్ల దగ్గర కుడి కన్ను బయటికి జారిపోయింది. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. "ఇప్పుడు ఎన్ని పెన్సిళ్ళు?" అంటే "ఒకటే సార్" అంది. పెన్సిల్ ముక్కును తాకింది, ఇంకా ఒకటే. కన్ను జారాక రెండు కనిపించాలి. కనిపించలేదంటే మెదడు కుడి కంటి బొమ్మను పక్కన పెట్టేసింది. దీన్ని సప్రెషన్ అంటాం. నాన్నకు ఇలా చెప్పాను: కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి మెడ వదిలేసి ఊరికే పక్కన నడుస్తుంటే గుంటక ముందుకు పోతూనే ఉంటుంది, కానీ లాగేది ఒకటే. ఆయనకు వెంటనే తెలిసింది. రెండు నెలలు ఆమె చేసిన ఎక్సర్‌సైజు నిజానికి కుడి కంటిని పక్కన పెట్టడంలో సాధన. తప్పు ఆమెది కాదు. పెన్సిల్ ఒక్కదానితో చేసే పద్ధతిలో ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు.

ఆఫీసు థెరపీ అని మేము చేసేదాంట్లో ఉన్న తేడా నా దృష్టిలో ఇదే. కొత్త కండరం ఏదీ పుట్టించం. కన్ను ఊరుకున్న క్షణాన్ని మనిషికి కనబడేలా చేసి, మళ్ళీ పనిలో పెట్టిస్తాం. అమెరికాలో 221 మంది పిల్లల మీద జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో ఈ పద్ధతి తేడా బాగా కనిపించింది. 12 వారాలు, వారానికి ఒక గంట క్లినిక్‌లో థెరపిస్టు ముందు, దానికి తోడు ఇంట్లో రోజుకు 15 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు చేసిన వాళ్ళలో 73 శాతం మందికి నయమైంది, లేదా మెరుగైంది. ఇంట్లో పెన్సిల్ చేసిన వాళ్ళలో 43 శాతం. క్లినిక్‌కు వచ్చి అచ్చం థెరపీలాగే కనిపించే ఉత్తుత్తి పనులు చేసిన వాళ్ళలోనూ 35 శాతం మెరుగయ్యారు. పెన్సిల్‌కూ ఉత్తుత్తి పనికీ పెద్ద తేడా లేదన్నమాట. ఆ 35 శాతాన్ని కూడా మరచిపోకూడదు. "బాగుంది సార్" అన్న మాట ఒక్కటే నమ్మితే మనల్ని మనం మోసం చేసుకుంటాం. అందుకే మాట, కొలత రెండూ రాసుకుంటాను.

మేము అదే షెడ్యూల్ పెట్టుకున్నాం. ఆదివారం ఔటింగ్ రోజు ఒక గంట. మైనస్ అద్దాలు తీసేయించాం.

మొదటి వారాలు బ్రాక్ స్ట్రింగ్‌తోనే ఎక్కువ గడిచాయి. మూడు రంగుల పూసలు గుచ్చిన తెల్ల దారం అది. ఒక కొస తలుపు గడియకు కట్టి, ఇంకో కొస ముక్కు దగ్గర పట్టుకోవాలి. మధ్య పూసను చూస్తే ఆ పూస ఒకటిగా, దారాలు మాత్రం రెండుగా, పూస దగ్గర ఒకదాన్నొకటి దాటుతున్నట్టు కనిపించాలి. ఇక్కడే ఈ దారం గొప్పతనం. ఒక దారమే కనిపిస్తే ఒక కన్ను ఊరుకుంది. దారాలు పూస అవతల కలిస్తే కళ్ళు పూస దాటి ఎక్కడో చూస్తున్నాయి. పూస దగ్గరే కలిస్తే సరిగ్గా చూస్తున్నట్టు. రోగి తన కళ్ళు ఎక్కడ చూస్తున్నాయో తానే చూసుకోగలదు. ఆమెకు 20 సెంటీమీటర్ల లోపలికి పూస రాగానే ఒక దారం మాయమయ్యేది. అప్పుడు పూసను ఇంకా లోపలికి తోయకూడదు. కళ్ళు రెండుసార్లు ఆర్పమని చెప్పి, దారాన్ని వేలితో మీటి కదిలిస్తాం, లైటు పెంచుతాం. దారం తిరిగి వస్తుంది. రాకపోతే పూసను వెనక్కి జరిపి, దారం రెండుగా కనిపించే చోటు నుంచి మళ్ళీ మొదలుపెడతాం. దగ్గరి పూస మీద నుంచి దూరం పూస మీదికి, మళ్ళీ దగ్గరికి చూపు మార్చడం తర్వాతి మెట్టు.

రెండో వారం ఫోన్ వచ్చింది, తలనొప్పి ఎక్కువైందని. ఇది మామూలే. ఇంతకాలం పక్కన కూర్చున్న కన్ను పనిలోకి వచ్చింది కాబట్టి మొదట్లో శ్రమ ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే చాలామంది ఇక్కడే మానేస్తారు. అయితే నొప్పి పొద్దున నిద్ర లేవగానే ఉందా, వాంతి వచ్చిందా, దూరం చూసినా రెండుగా కనిపిస్తోందా అని అడిగాను. ఏదీ లేదు.

తర్వాత వెక్టోగ్రామ్. పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి జరిగే రెండు పారదర్శక పలకల మీద తాడు చుట్టలాంటి బొమ్మ చూడాలి. ఒక్కో పలక ఒక్కో కంటికే కనిపిస్తుంది. పలకలను ఎడంగా జరిపితే బొమ్మను ఒకటిగా ఉంచడానికి కళ్ళు లోపలికి తిరగాలి. సరిగ్గా చేస్తున్నప్పుడు ఆ చుట్ట చిన్నదై, ముందుకు తేలి వస్తున్నట్టు అనిపిస్తుంది. అంచున ఒక్కో కంటికి విడిగా కనిపించే గుర్తులుంటాయి. ఒక గుర్తు పోయిందంటే ఆ కన్ను పోయింది. నేను పట్టుబట్టేది ఒక్కటే: ఒకటిగా ఉంటే చాలదు, స్పష్టంగానూ ఉండాలి. ఒకటిగా, మసకగా ఉంటే పాత అరువు అలవాటే మళ్ళీ వచ్చిందని అర్థం. "దూరంగా ఉన్నదాన్ని చూస్తున్నట్టు వదులు చెయ్యి, కానీ బొమ్మను జారనివ్వకు" అని చెబుతుంటాం. ఈ రెండూ కలిపి చేయడం ఆమెకు కొన్ని ఆదివారాలు పట్టింది.

నాలుగో వారానికి నిల్వ 8 నుంచి 16కు వచ్చింది. ఆరో వారం అక్కడే నిలిచిపోయింది. దారం మళ్ళీ మాయమవుతోంది. ఎప్పుడు చేస్తున్నావంటే, స్టడీ అవర్ ముగిశాక రాత్రి పదకొండుకు, బంకు మంచం కడ్డీకి దారం కట్టి చేస్తోందట. రోజంతా చదివి అలిసిన కళ్ళు ఊరుకోవడానికే చూస్తాయి. ఆ వేళ పదిహేను నిమిషాలు ఊరుకోవడంలోనే సాధన జరుగుతుంది. వార్డెన్ మేడమ్‌తో మాట్లాడి సాయంత్రం టీ వేళకు మార్పించాం. కార్డు మీద నిమిషాలు కాకుండా "దారం రెండుగా ఎంత దగ్గర వరకు ఉంది" అని సెంటీమీటర్లలో రాయమన్నాం. ఎనిమిదో వారానికి కదలిక వచ్చింది.

చివరి వారాలు గంతుల పని. నెమ్మదిగా పెంచడం వేరు, ఒక్కసారిగా పట్టుకోవడం వేరు. చదివేటప్పుడు బోర్డు నుంచి నోట్సు మీదికి చూపు దూకుతుంది, కాబట్టి అదీ నేర్పాలి. అపర్చర్ రూల్ అనే స్కేలు లాంటి పరికరంలో ఒక కిటికీ గుండా రెండు బొమ్మలు చూసి ఒకటిగా చేసుకోవాలి. కార్డు మారేకొద్దీ 2.5 ప్రిజమ్ చొప్పున కష్టం పెరుగుతుంది. పన్నెండో కార్డుకు 30. దానితో పాటు ప్రిజమ్ పెట్టి తీయడం, రెండు కళ్ళతో ఫ్లిప్పర్. మొదటి రోజు ఆగిపోయిన ప్లస్ వైపు ఇప్పుడు నిదానంగా అయినా ప్రతిసారీ స్పష్టం చేసుకుంది.

పన్నెండో వారం కొలతలు: కళ్ళు విడిపోయే చోటు 5 సెంటీమీటర్లు, అయిదోసారి కొలిచినా అంతే. నిల్వ 24 దగ్గర మసక, 30 దగ్గర రెండు. ప్రశ్నావళి 34 నుంచి 11కు. దగ్గర జారుడు మాత్రం 8. అది దాదాపు అలాగే ఉంది, ఉంటుంది కూడా. థెరపీ జారుడును తీసేయదు, దాన్ని మోసే బలాన్ని పెంచుతుంది. 8కి రెట్టింపు 16, ఆమె దగ్గర 24 ఉంది. అందుకే హాయి. నిద్ర చాలని రోజుల్లో ఇప్పటికీ నొప్పి వస్తోంది. అది నా లెక్కలోది కాదని ఆమెకు చెప్పాను.

నాన్న ఒక ప్రశ్న అడిగాడు: "ఇంక మార్కులు పెరుగుతాయా సార్?" ఆశ పెట్టలేదు. 2008 అధ్యయనం చేసిన అమెరికా బృందమే 311 మంది పిల్లల మీద చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలో, 16 వారాల థెరపీ తర్వాత చదివి అర్థం చేసుకునే శక్తి ఉత్తుత్తి థెరపీ చేసిన వాళ్ళకన్నా ఎక్కువేమీ పెరగలేదు. కళ్ళు నొప్పి లేకుండా గంట కూర్చోనిస్తాయి, అంతవరకే నేను చెప్పగలను. చదువు రాని పిల్లలందరికీ కంటి థెరపీ అమ్మే చోట్లు ఉన్నాయి. తల్లిదండ్రులు అక్కడ డబ్బు పోగొట్టుకోవద్దని నా మనవి. అలాగే కొలతలు చెడ్డగా ఉండి బాధ ఏమీ లేని పిల్లలకు కూడా నేను థెరపీ పెట్టను.

ప్రతి వారం కర్నూలు రాలేని వాళ్ళు చాలామంది ఉంటారు. ఆలూరు, పత్తికొండ నుంచి వచ్చే కూలీ కుటుంబాలకు ఆదివారం అంటే ఒక రోజు కూలి. వాళ్ళకు పెన్సిల్ బదులు పూసల దారం ఇచ్చి, ఊరుకున్న కంటిని గుర్తుపట్టడం ఇంట్లో ఒకరికి నేర్పి, నెలకోసారి రమ్మంటాను. ఆఫీసు థెరపీ అంత ఫలితం ఆశించను, కానీ ఒక్క పెన్సిల్ ఇచ్చి పంపడం కన్నా మేలని నా నమ్మకం. పిల్లలకు దగ్గరి చూపు కోసం లోపలి వైపు ప్రిజమ్ అద్దాలు మామూలు అద్దాల కన్నా ఎక్కువ మేలు చేయలేదని 2005 నాటి పరిశీలనలో తేలింది, కాబట్టి ఈ వయసులో వాటితో మొదలుపెట్టను.

ఎవరికి ఈ దారాలూ పూసలూ అసలు పట్టకూడదో కూడా చెప్పాలి. నిన్నటిదాకా బాగుండి ఉన్నట్టుండి రెండుగా కనిపించడం, దూరం చూసినా రెండు కావడం, రెప్ప వాలడం, కనుపాపలు తేడాగా ఉండటం, తలకు దెబ్బ తగిలాక మొదలవడం, సాయంత్రానికి బాగా ముదరడం, పొద్దున వాంతులతో తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు కంటి డాక్టరు, నరాల డాక్టరు చూడాలి. కన్వర్జెన్స్ తగ్గడం నరాల జబ్బులోనూ వస్తుంది, కండరాలను నీరసపరిచే మయస్తీనియాలోనూ రావచ్చు.

థెరపీ ఆపాక వారానికి ఒకసారి, పావుగంట పూసల దారం చేస్తూ ఉండమన్నాం. ఆరు నెలలకు వచ్చినప్పుడు కళ్ళు విడిపోయే చోటు 7 సెంటీమీటర్లకు జరిగింది, మధ్యలో టైఫాయిడ్ వచ్చి దారం మానేసిందట. నిల్వ 20 ఉంది, బాధ లేదు. మూడు వారాలు రోజూ చేయమని చెప్పి పంపితే మళ్ళీ 5కు వచ్చింది. తర్వాతి పరీక్షకు పబ్లిక్ పరీక్షలు అయ్యాక రమ్మన్నాం.